మారిన మాటలు, మారని మాటలు: క్రమబద్ధ ధ్వనిపరిణామం - పదవ్యాప్తి

వ్యాససంగ్రహం

ఒక ధ్వని మారడం మొదలైనప్పుడు అది భాషలోని మాటలన్నిటినీ ఒకేసారి తాకుతుందా, లేక ఒక మాట నుంచి మరొక మాటకు పాకుతుందా అన్నది చారిత్రక భాషాశాస్త్రంలో పాత వివాదం. నవ్యవ్యాకర్తల క్రమబద్ధ పరిణామవాదం మొదటిదాన్ని, పదవ్యాప్తి సిద్ధాంతం రెండవదాన్ని సమర్థిస్తాయి. తెలుగులోని రేఫలోపం, దక్షిణ-మధ్య ద్రావిడభాషలలోని పదాది వర్ణవ్యత్యయం, గోండీ మాండలికాలలోని సకార పరిణామం అనే మూడు సందర్భాల ఆధారంగా ఈ సిద్ధాంతాల అంచనాలను ఈ వ్యాసం వివరిస్తుంది. మారని పదం కనిపించగానే దాన్ని పదవ్యాప్తికి సాక్ష్యంగా తీసుకోరాదనీ, అలా తీసుకోవడానికి ముందు ఏ ఏ పరీక్షలు అవసరమో చూపడం దీని లక్ష్యం.

కీలకపదాలు: ధ్వనిపరిణామం, పదవ్యాప్తి, నవ్యవ్యాకర్తలు, వర్ణవ్యత్యయం, రేఫలోపం, ద్రావిడభాషలు, భద్రిరాజు కృష్ణమూర్తి.

1. ఉపోద్ఘాతం

తమిళంలో 'ఉరల్' అనే మాటకు తెలుగులో 'రోలు' జ్ఞాతిపదం. 'ఇరవు'కు 'రేయి', 'ఇళ'కు 'లేత' అలాంటివే. తమిళంలో మాటకు మొదట ఉన్న అచ్చు తెలుగులో వెనక్కి జరిగింది. రెండవ స్థానంలో ఉన్న ర, ల ధ్వనులు ముందుకు వచ్చాయి. అయితే తమిళ 'ఎలి'కి తెలుగులో 'ఎలుక' అన్న రూపమే ఉంది. 'ఉళి'కి 'ఉలి' అన్న రూపమే ఉంది. వీటిలో మొదటి అచ్చు కదలలేదు. ఒకే భాషలో కొన్ని మాటలు ఒక దారిలో, మరికొన్ని మరొక దారిలో ఎందుకు నడిచాయన్నది ప్రశ్న.

దీనికి రెండు రకాల సమాధానాలు సాధ్యం. ఎలుక, ఉలి మారకపోవడానికి మనం ఇంకా కనిపెట్టని ధ్వనినియమం ఏదో ఉందని అనవచ్చు. లేదా మార్పు మాట వెంట మాటగా సాగుతూ ఆ మాటల దాకా రాలేదని అనవచ్చు. ఎంచుకున్న సమాధానాన్ని బట్టి వ్యుత్పత్తుల పరిశీలన మారుతుంది. మొదటి దారిలో నడిచేవారు ప్రతి మినహాయింపుకూ లెక్క చెప్పాలి. రెండవ దారిలో నడిచేవారికి ఒక ప్రమాదం పొంచి ఉంది. "ఈ మాట ఇంకా మారలేదు" అనే వాక్యం ఎంతటి బలహీనమైన వ్యుత్పత్తినైనా కాపాడగలదు. అందువల్ల పదవ్యాప్తిని అంగీకరించేవారే దానికి హద్దులు గీయవలసి ఉంటుంది.

ఈ హద్దులను ద్రావిడభాషల సామగ్రితో పరిశీలించినవారు ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి (1928-2012). ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రాచార్యులుగా పనిచేసిన తరువాత, రాయదుర్గానికి పొరుగునే గచ్చిబౌలిలో ఉన్న హైదరాబాదు విశ్వవిద్యాలయానికి 1986 నుంచి 1993 వరకు ఉపాధ్యక్షులుగా వ్యవహరించారు. ఈ వ్యాసంలోని రెండు ప్రధానోదాహరణలు ఆయన పరిశోధనల నుంచి గ్రహించినవే.

2. రెండు సిద్ధాంతాలు - వాటి అంచనాలు

జర్మనీలోని లైప్‌జిగ్ కేంద్రంగా పనిచేసిన యువ భాషావేత్తలను నవ్యవ్యాకర్తలు అంటారు. వారిలో హెర్మన్ ఓస్ట్‌హోఫ్, కార్ల్ బ్రూగ్‌మన్ 1878లో తమ సిద్ధాంతాన్ని స్పష్టంగా ప్రకటించారు. దాని ప్రకారం ధ్వనిసూత్రాలకు మినహాయింపులు లేవు. ఒక భాషాసమాజంలో ఒక ధ్వని ఒక పరిసరంలో మారితే, ఆ పరిసరం ఉన్న ప్రతి మాటలోనూ మారుతుంది. మాట అర్థం, దాని వాడుక ఎక్కువా తక్కువా అన్నవి లెక్కలోకి రావు. ఈ ధైర్యానికి ఒక కారణం కార్ల్ వెర్నర్ కృషి. జర్మానిక్ భాషలలో గ్రిమ్ సూత్రానికి లొంగని మాటలు చాలా ఉండేవి. అవి పూర్వభాషలోని స్వరస్థానాన్ని బట్టి క్రమంగానే మారాయని ఆయన నిరూపించారు. మినహాయింపులుగా కనిపించినవి మరొక సూత్రానికి ఉదాహరణలయ్యాయి.

ఈ వాదంలో సూత్రానికి లొంగని మాట కనిపిస్తే మూడు వివరణలకే చోటుంది. ఇంకా గుర్తించని ధ్వనిపరిసరం ఒకటి. మరొక భాష నుంచి గాని మాండలికం నుంచి గాని వచ్చిన ఆదానం రెండవది. సాటి రూపాల ఒత్తిడితో కలిగిన సాదృశ్యం మూడవది. మార్పు జరిగే తీరుపైనా ఈ వాదానికి ఒక ఊహ ఉంది. ఉచ్చారణ కొద్దికొద్దిగా, వక్తలకే తెలియనంత మెల్లగా జరుగుతుంది. కాని ఆ జరగడం అన్ని మాటలలోనూ కలిసి జరుగుతుంది.

పదవ్యాప్తి సిద్ధాంతం దీన్ని తలకిందులు చేస్తుంది. 1969లో విలియం వాంగ్ ఈ సిద్ధాంతానికి ఆధునిక రూపం ఇచ్చారు. మాట ఉచ్చారణ ఒక్కసారిగా పాత రూపం నుంచి కొత్త రూపానికి దూకవచ్చు. కాని మాటలన్నీ ఒకేసారి దూకవు. కొన్ని ముందు మారతాయి, కొన్ని కొంతకాలం రెండు రూపాలలోనూ వినిపిస్తాయి, కొన్ని అలాగే నిలుస్తాయి. మార్పు నడుస్తుండగానే దానికి పోటీగా మరొక మార్పు వచ్చినా, మొదటిదాని బలం ఉడిగిపోయినా మారని మాటలు అవశేషాలుగా మిగిలిపోతాయి. ఇంగ్లీషులో ఫుడ్, గుడ్, బ్లడ్ అనే మూడు మాటలనూ ఒకే అచ్చు గుర్తుతో రాస్తారు. ఒకప్పుడు వాటిలో ఉన్నది ఒకే దీర్ఘాచ్చు. మొదటిదానిలో దీర్ఘం నిలిచింది, రెండవదానిలో హ్రస్వమైంది, మూడవది ముందుగా హ్రస్వమై ఆ తరువాతి మరొక మార్పుకు కూడా లోనైంది.

ఈ రెండు వాదాల అంచనాల మధ్య తేడా మార్పు నడుమలో స్పష్టంగా కనిపిస్తుంది. క్రమబద్ధ పరిణామంలో ఒకే వక్త నోట ఒకే పరిసరంలోని మాటలన్నీ దాదాపు ఒకే మేరకు మారి ఉండాలి. పదవ్యాప్తిలో అదే వక్త నోట ఒక మాట పూర్తిగా మారి, మరొకటి ఊగిసలాడుతూ, ఇంకొకటి మారకుండా ఉండవచ్చు. మార్పు పూర్తయ్యాక మాత్రం ఈ తేడా చెరిగిపోవచ్చు. చివరి మాట కూడా మారిపోతే, అది కలిసి నడిచిందో విడివిడిగా నడిచిందో ఫలితాన్ని చూసి చెప్పలేము.

3. రేఫలోపం: క్రమబద్ధతకు అనుకూలమైన సాక్ష్యం

ముందుగా నవ్యవ్యాకర్తల పద్ధతి బలం తెలిపే ఉదాహరణను చూద్దాం. ప్రాచీన తెలుగులో పదాది హల్లుతో కలిసిన రేఫ నేటి వ్యవహారంలో లోపించింది. క్రొత్త - కొత్త, ప్రాత - పాత, మ్రాను - మాను, త్రాగు - తాగు, త్రాడు - తాడు, గ్రుడ్డు - గుడ్డు, మ్రింగు - మింగు, ప్రొద్దు - పొద్దు అయ్యాయి. అచ్చతెలుగు మాటలలో ఇది విస్తృతంగా కనిపిస్తుంది.

దీనికి ఎదురు చెప్పేవి ప్రేమ, క్రమం, ప్రాణం, గ్రామం వంటి మాటలు. ఇవి సంస్కృతం నుంచి వచ్చినవి. విద్యావంతుల ఉచ్చారణలో మూలరూపం స్మృతి వీటిని కాపాడుతుంది. తెలంగాణ వ్యవహారంలో ప్రాణం 'పానం' అయిన చోట, మాట పూర్తిగా దేశీయమైపోయిందనీ, అందుకే దేశీయ పదాల దారి పట్టిందనీ చెప్పవచ్చు. మినహాయింపుల గుంపు ఇలా ఆదానం అనే ఒక్క కారణంతో విడిపోతుంది. ఇక్కడ పదవ్యాప్తిని ఆశ్రయించవలసిన అవసరం లేదు.

మరొక రకం మినహాయింపు రాత వల్ల పుట్టేది. 'క్రింద' అని రాసి 'కింద' అని పలకడం, బోర్డుపై 'త్రాగునీరు' అని ఉన్నదాన్ని ఇంట్లో 'తాగునీరు' అనడం మనకు పరిచితమే. లిఖిత సామగ్రి ఒక్కదానినే లెక్కిస్తే కొన్ని మాటలలో రేఫ పోయిందనీ, కొన్నిటిలో నిలిచిందనీ తేలుతుంది. అది పదవ్యాప్తిలా కనిపించినా, నిజానికి అది రాతలోని సంప్రదాయం మాత్రమే. శాసనాలను, కావ్యాలను ఆధారం చేసుకొనే పరిశోధకుడు ఈ జాగ్రత్త తీసుకోవాలి. ఒకే శాసనంలో ఒకే మాటకు రెండు వర్ణక్రమాలు ఉంటే ఉచ్చారణలో ఊగిసలాట ఉందని అనుమానించవచ్చు. ఒక మాటకు పాత వర్ణక్రమమే కనిపించినంత మాత్రాన అది మారలేదని నిర్ణయించరాదు.

ఇన్ని జల్లెడలు పట్టిన తరువాత కూడా ఒక చిక్కు మిగులుతుంది. వ్రేలు - వేలు, వ్రాలు - వాలు, వ్రేటు - వేటు అన్నవి రేఫలోపాన్ని చూపిస్తాయి. కాని వ్రాయు - 'రాయు' అయింది. వ్రాత - 'రాత' అయింది. ఇక్కడ పోయింది రేఫ కాదు, వకారం. పరిసరం చూస్తే వ్రాలు, వ్రాయు రెండింటిలోనూ అదే 'వ్రా'. ఒక్క ధాతువు మాత్రం వేరే దారిలో నడిచింది. ఆదానమో సాదృశ్యమో కారణమని చూపగలిగేంతవరకు ఇది నిజమైన అవశేషమే. ఇలాంటివి కొద్దిగా ఉన్నప్పుడు సూత్రం దెబ్బతినదు. అవి సూత్రంతో పాటు చెప్పవలసిన విడి చరిత్రలుగా ఉంటాయి.

4. పదాది వర్ణవ్యత్యయం: మాట వెంట మాట

రేఫలోపానికి ముందు అసలు 'మ్రా', 'ప్రా' వంటి సంయుక్తాలు ఎలా పుట్టాయన్న ప్రశ్న మనలను మొదటి ఉదాహరణల దగ్గరకు తీసుకువెళ్తుంది. నాలుక కొనతో పలికే ర, ల, ళ, ఴ, ట వంటి ధ్వనులు మూల ద్రావిడంలో మాట మొదట రావు. (ఇక్కడ 'ఴ' అంటే తమిళ 'పఴం'లోని మూడవ ధ్వని.) తమిళం ఈ పాత నియమాన్ని చాలాకాలం పాటించింది, అందుకే రాముడిని 'ఇరామన్' అని రాసే సంప్రదాయం అక్కడ ఏర్పడింది. తెలుగు, గోండీ, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషలు చేరిన దక్షిణ-మధ్య ద్రావిడశాఖలో మాత్రం ఈ ధ్వనులు మాట ముందుకు జరిగాయి.

ఈ జరగడం రెండు విధాలుగా కనిపిస్తుంది. మాట అచ్చుతో మొదలైతే లోపలి హల్లు మొదటికి వస్తుంది: ఇరండు - రెండు, ఉరల్ - రోలు, ఇళ - లేత, ఉఴు - దున్ను. మాట హల్లుతో మొదలైతే లోపలి హల్లు దానికి వత్తుగా చేరుతుంది: మరం - మ్రాను, విరల్ - వ్రేలు, పఴ - ప్రాత, పరుత్తి - ప్రత్తి. ఈ ఎనిమిది జంటలలో ముందున్నది తమిళ రూపం, తరువాతది తెలుగు రూపం. తమిళం పాత క్రమాన్ని నిలుపుకొన్నది కాబట్టి దాన్ని ఇక్కడ కొలబద్దగా తీసుకున్నాం. అంతేగాని తెలుగు తమిళం నుంచి పుట్టిందని దీని అర్థం కాదు.

మారని మాటలను పదవ్యాప్తికి అప్పగించే ముందు పరిసరాన్ని వెతకాలి. ఉదాహరణకు తెలుగులో 'తిరుగు', 'త్రిప్పు' ఒకే ధాతువుకు చెందినవి. ఒకటి మారింది, ఒకటి మారలేదు. ఇది పదవ్యాప్తికి చక్కని సాక్ష్యమని తొందరపడవచ్చు. కాని 'తిరుగు'లో రేఫ తరువాత ఉన్నది ఒంటరి గకారం. 'త్రిప్పు'లో ద్విత్వ పకారం. పెరుగు, కరుగు అనేవి తిరుగు పక్షాన ఉన్నాయి. ప్రత్తి అనేది త్రిప్పు పక్షాన ఉంది. ద్విత్వానికి ముందున్న హ్రస్వాచ్చు లోపించిందన్న నియమం ఇక్కడ సాధ్యం. కనుక ఈ జంట అవశేషానికి రుజువు కాజాలదు.

'ఎలుక', 'ఉలి' విషయంలోనూ ఇదే విధంగా ప్రశ్నించాలి. రెండింటిలోనూ పూర్వరూపంలో రెండవ అచ్చు ఇకారం. ఇకారం ఉంటే వ్యత్యయం జరగదని ఒక నియమం ప్రతిపాదించవచ్చు. కాని తమిళ 'ఇఴి'కి తెలుగు 'దిగు' జ్ఞాతిపదం. అక్కడ ఇకారం ఉన్నా హల్లు ముందుకు వచ్చింది. అప్పుడు నియమాన్ని సవరించి, ఇకారం లకార ళకారాల తరువాత మాత్రమే అడ్డుపడుతుందని అనవచ్చు. ఇలా ఎంతవరకు సవరించవచ్చు? నియమం విడివిడి మాటల జాబితాగా మారిపోయినప్పుడు అది నియమం కాదు. ఒక్క భాషలోని సామగ్రితో ఈ తగవు తీరడం కష్టం.

అందుకే కృష్ణమూర్తి 1978లో 'లాంగ్వేజ్' పత్రికలో ప్రచురించిన వ్యాసంలో శాఖ మొత్తాన్ని పక్కపక్కన పెట్టి చూశారు. 'రెండు' అనే సంఖ్యావాచకంలో వ్యత్యయం గోండీలో 'రండ్', కొండలో 'రుండి', కుయిలో 'రీ'గా అంతటా కనిపిస్తుంది. చెట్టును చెప్పే మాట అలా కాదు. తెలుగులో 'మ్రాను', కుయిలో 'మ్రహ్ను' మారిన రూపాలు. కొండలో 'మరన్', పెంగోలో 'మర్' పాత క్రమాన్నే చూపిస్తాయి. గోండీలోనూ ఈ మాటలో క్రమం మారలేదు. కువిలో 'మ్రాను', 'మార్ను' అనే రెండు రకాల రూపాలూ వేర్వేరు సేకరణలలో నమోదయ్యాయి. ఒకే పూర్వరూపం, ఒకే పరిసరం. అయినా ఒక భాషలో మారింది, పొరుగు భాషలో మారలేదు, మరొక దానిలో ఊగిసలాడుతోంది. మార్పు శాఖ అంతటికీ చెందినదే అయినా ఒక్కొక్క భాషలో వేర్వేరు మాటల దాకా వెళ్లి ఆగింది. ఆయన దీన్ని మాటల మీదుగాను, ప్రాంతాల మీదుగాను కూడా సాగిన వ్యాప్తిగా వివరించారు.

వర్ణవ్యత్యయం ఇలా నడవడంలో ఆశ్చర్యం లేదు. రెండు ధ్వనులు స్థానాలు మార్చుకోవడం కొద్దికొద్దిగా జరిగేది కాదు. 'మర'కూ 'మ్రా'కూ మధ్య లెక్కలేనన్ని మెట్లు ఉండవు. 1981లో విలియం లబోవ్ ఈ వివాదాన్ని సమన్వయించే ప్రయత్నం చేస్తూ, ఉచ్చారణ మెల్లగా జరిగే మార్పులు క్రమబద్ధంగాను, ఒక వర్గం నుంచి మరొక వర్గానికి దూకే మార్పులు మాట వెంట మాటగాను నడుస్తాయని సూచించారు. వర్ణవ్యత్యయం రెండవ కోవకు చెందుతుంది.

5. మారని పదాలే సాక్ష్యం

పదవ్యాప్తి నిజమైతే దాని నుంచి ఒక ప్రయోజనం కలుగుతుంది. దాన్ని 1983లో కృష్ణమూర్తి, లింకన్ మోజెస్, డగ్లస్ డాన్‌ఫర్త్ కలిసి రాసిన వ్యాసం చూపించింది. మామూలుగా భాషలను ఉపశాఖలుగా విభజించడానికి అవి పంచుకొన్న కొత్త మార్పులను చూస్తారు. వర్ణవ్యత్యయం శాఖ అంతటా ఉంది కాబట్టి, దాన్ని ఒకే మార్పుగా లెక్కిస్తే లోపలి ఉపశాఖల గురించి ఏమీ చెప్పదు. కాని అది మాట వెంట మాటగా నడిచిందంటే ప్రతి మాటా ఒక విడి సాక్షి అవుతుంది.

తర్కం ఇలా సాగుతుంది. ఒకసారి మారిన మాట మళ్లీ పాత రూపానికి రాదు. కనుక ఒక ఉపశాఖలోని ఒక భాషలో ఒక మాట మారకుండా ఉంటే, ఆ ఉపశాఖ ఉమ్మడి దశలోనూ అది మారలేదన్నమాట. చెట్టు మాటనే తీసుకుందాం. కుయి, కువి మాండలికాలలో మారిన రూపాలు ఉన్నాయి. గోండీ, కొండ, పెంగోలలో లేవు. కుయి, కువి ఒకే కొమ్మ అనుకుంటే వాటి ఉమ్మడి దశలో ఒక్కసారి మార్పు మొదలైందని చెబితే చాలు. అలా కాక కుయిని పెంగోతో, కువిని కొండతో జతచేస్తే అదే మార్పు కుయిలో ఒకసారి, కువిలో మరొకసారి విడిగా జరిగిందని చెప్పాలి. మొదటి వంశవృక్షానికి ఒక్క మార్పు సరిపోతుంది, రెండవదానికి రెండు కావాలి. 'రెండు' అనే మాట అంతటా మారింది కాబట్టి ఏ వృక్షంలోనైనా ఒక్క మార్పే చాలు. అది ఈ తగవులో సాక్షి కాదు. కొన్ని భాషలలో మారి, కొన్నిటిలో మారని మాటలే సాక్ష్యం చెబుతాయి.

గోండీ, కొండ, కుయి, కువి, పెంగో, మండ అనే ఆరు భాషలను జంటలు జంటలుగా చీలే వంశవృక్షంలో అమర్చడానికి 945 విధాలున్నాయి. ఎన్నుకున్న 63 జ్ఞాతిపదాలతో ఒక్కొక్క వృక్షానికి కనీసం ఎన్ని విడి మార్పులు కావాలో లెక్కించి, తక్కువ మార్పులు కోరే వృక్షాలను వారు ఎంచారు. వచ్చిన ఫలితం తులనాత్మక పద్ధతితో ముందే గుర్తించిన వర్గీకరణకు దగ్గరగా ఉంది. పాత పద్ధతిలో పక్కన పెట్టే మారని పదాలు ఇక్కడ మారిన పదాలతో సమానంగా విలువైనవయ్యాయి.

ఈ లెక్కకు ఒక హద్దు ఉంది. పొరుగు భాష నుంచి మారిన రూపాన్నే అరువు తెచ్చుకుంటే ఆ మాట బంధుత్వాన్ని గాక సాహచర్యాన్ని చెబుతుంది. కుయి, కువి, పెంగో, మండ భాషలు ఒడిశాలో పక్కపక్కనే బతికినవి. అందుచేత ఏ ఒక్క మాట సాక్ష్యం మీదా ఆధారపడలేము. చాలా మాటలు ఒకే వైపు మొగ్గినప్పుడే నిర్ణయానికి బలం వస్తుంది.

6. గోండీ: మాట వెంట మాటగా నడిచి క్రమబద్ధమైన మార్పు

ఇంతవరకు చూస్తే క్రమబద్ధ పరిణామం, పదవ్యాప్తి రెండు వేర్వేరు రకాల మార్పులని అనిపించవచ్చు. కృష్ణమూర్తి 1998లో ప్రచురించిన గోండీ అధ్యయనం ఆ సరిహద్దును సడలించింది.

మూల ద్రావిడంలో పదాదిని ఉన్న చకారానికి తెలుగులో రెండు గతులు పట్టాయి. 'ఇచ్చు', 'ఉప్పు', 'ఆరు' వంటి మాటలలో అది పూర్తిగా పోయింది; 'చచ్చు' వంటి మాటలలో నిలిచింది. తెలుగు ఈ మార్పును సగంలో ఆపేసిన భాష. గోండీలో ఆ ధ్వని ముందుగా సకారమైంది. అందుకే తెలుగు 'ఆరు'కు గోండీలో 'సారుంగ్' జ్ఞాతి. ఇచ్చు అనే అర్థంలో 'సీ-', చచ్చు అనే అర్థంలో 'సా-' ధాతువులున్నాయి. ఆ తరువాత గోండీ మాండలికాలలో ఈ సకారం బలహీనపడడం మొదలైంది. పశ్చిమ, ఉత్తర మాండలికాలలో సకారం నిలిచింది, కొన్నిటిలో హకారమైంది, దక్షిణ, ఆగ్నేయ మాండలికాలలో ఆ హకారమూ లోపించింది. ఇచ్చు అనే ధాతువు 'సీ-', 'హీ-', 'ఈ-' అని మూడు రూపాలలో దొరుకుతుంది.

మాండలిక సేకరణలను మాట మాటగా పరిశీలిస్తే మూడు దశలు కనిపిస్తాయి: మారని రూపం, పాత కొత్త రూపాల ఊగిసలాట, మారిన రూపం. ఏ మాటా మొదటి దశ నుంచి నేరుగా మూడవదానికి చేరనక్కరలేదు. నడుమ ఊగిసలాట ఉంటుంది. ఒక ప్రాంతంలో వేర్వేరు మాటలు వేర్వేరు దశలలో ఉంటాయి. కాని మార్పు ముగిసిన మాండలికాలలో ఫలితం నవ్యవ్యాకర్తలు ఆశించినంత క్రమబద్ధంగా ఉంది. ఈ వ్యాసం శీర్షికలోనే ఆయన దీన్ని పదవ్యాప్తి ద్వారా సిద్ధించే క్రమబద్ధత అని పేర్కొన్నారు.

దీనివల్ల లబోవ్ గీసిన విభజనరేఖ కూడా కొంత సడలుతుంది. సకారం హకారం కావడం ఉచ్చారణ బలహీనపడే మార్పు. అది కలిసికట్టుగా నడవాలని అంచనా. అయినా అది మాటల మీదుగా పాకింది. క్రమబద్ధత ఫలితాన్ని వర్ణించే మాట, పదవ్యాప్తి ప్రక్రియను వర్ణించే మాట అని చెప్పుకుంటే రెండింటికీ చోటు దొరుకుతుంది. అయితే ప్రతి వ్యాప్తీ క్రమబద్ధతకు చేరదు. వర్ణవ్యత్యయం అలా చేరలేదు. నడుమలో ఆగిపోతే అవశేషాలు, కడదాకా నడిస్తే సూత్రం మిగులుతాయి.

7. నడుస్తున్న మార్పును పరీక్షించడం

ముగిసిన మార్పు తన ప్రక్రియను దాచుకుంటుంది కాబట్టి, నడుస్తున్న మార్పును చూడడం మేలు. నేటి తెలుగులో చాలామంది వక్తల నోట ళకారం లకారంలో కలిసిపోతోంది. నీళ్ళు, వేళ్ళు, కళ్ళు, పెళ్ళి వంటి మాటలు ఇందుకు అనువైనవి. 'కళ్ళు', 'కల్లు' అనే జంట కూడా ఉంది. అర్థభేదం మార్పును అడ్డుకుంటుందో లేదో చూడడానికి అది పనికివస్తుంది.

రాయదుర్గంలోని ఐటీ కార్యాలయాలలో పనిచేసే తెలుగువారిపై ఈ పరీక్ష చేయదలచిన పరిశోధకుడు మూడు జాగ్రత్తలు పాటించాలి. మొదటిది, ఒక్కొక్క వక్తను విడిగా లెక్కించడం. నూరుమంది ఉచ్చారణలను కలిపి సగటు తీస్తే, కొందరు పూర్తిగా మారి కొందరు అసలు మారకపోయినా ఊగిసలాటలా కనిపిస్తుంది. ఒకే వక్త 'నీల్లు' అంటూ 'వేళ్ళు' అంటే, అదీ పలుమార్లు అలాగే అంటే, అది పదవ్యాప్తి వైపు సూచన. రెండింటినీ ఒకే నిష్పత్తిలో మారుస్తూ ఉంటే క్రమబద్ధ పరిణామం వైపు సూచన.

రెండవది, రాసిన జాబితాను చదివించకుండా మాట్లాడించడం. అక్షరం కళ్ళముందు ఉంటే బడిలో నేర్చిన ళకారం తిరిగి వస్తుంది. 'క్రింద' విషయంలో చూసిన చిక్కే ఇది. బొమ్మలు చూపి అడగడం, సంభాషణ నుంచి మాటలు ఏరడం మేలు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, వక్త కుటుంబం ఏ ప్రాంతం నుంచి వచ్చిందో నమోదు చేయడం. రాయదుర్గం పలు జిల్లాలవారు కలిసి పనిచేసే చోటు. ఇంటి నుంచి ఒక ఉచ్చారణ, సహోద్యోగుల నుంచి మరొకటి నేర్చిన వక్త మాటలలో కనిపించే తేడా మాండలికాల ఆదానమే కావచ్చు. నవ్యవ్యాకర్తలు పదవ్యాప్తికి చెప్పగల బలమైన జవాబు ఇదే. 'పెళ్ళి' ఇంట్లో నేర్చిన మాట, కార్యాలయంలో ఎక్కువగా వినిపించేది మరొక మాట అయితే, ఆ రెండింటి ఉచ్చారణల మధ్య తేడాకు పదవ్యాప్తి అవసరం లేదు. అందుచేత ఒకే ఊరి నుంచి వచ్చి అక్కడివారితోనే ఎక్కువగా మాట్లాడేవారిని పోలిక కోసం విడిగా పరిశీలించాలి. వారిలోనూ మాటల మధ్య అదే తేడా నిలిస్తే అప్పుడు ఆదానం అనే వివరణ బలహీనపడుతుంది.

8. ముగింపు

క్రమబద్ధ పరిణామవాదం మినహాయింపుకు కారణం అడుగుతుంది. పదవ్యాప్తి సిద్ధాంతం మార్పు ఎంతదూరం వచ్చిందని అడుగుతుంది. మొదటి ప్రశ్నకు జవాబు వెతికిన తరువాతే రెండవది అడగడం ఉచితం. 'ప్రేమ'లోని రేఫకు ఆదానం, 'తిరుగు'లోని క్రమానికి పరిసరం వివరణగా దొరికాయి. అక్కడ వ్యాప్తి అనే మాట అనవసరం. 'మరన్', 'మ్రహ్ను' వంటి జ్ఞాతిపదాలు మాత్రం భాషల మధ్య మాట వెంట మాటగా సాగిన మార్పును బయటపెడతాయి. ఊగిసలాడే రూపాలు నమోదు కావడం, ఒకే పరిసరంలోని మాటలు ఒకే వక్త నోట వేరుపడడం, ఆదాన సాదృశ్యాలు వివరణగా పనికిరాకపోవడం అనే మూడూ ఉన్నప్పుడు ఆ నిర్ణయం బలపడుతుంది. పాత సేకరణలలో వక్తవారీ వివరాలు దొరకవు కాబట్టి అక్కడ మొదటి, మూడవ షరతులతోనే తృప్తిపడాలి; నేటి వ్యవహారంలో మూడింటినీ పరీక్షించే వీలుంది.